అడ్వాన్స్ తీసుకునే ప్రీ-ఆర్డర్లు: ఒకే ఆర్డరా, రెండు ఆర్డర్లా, విడి అడ్వాన్సా?

మగ్గం మీద నేసే చీరలను ఆన్‌లైన్‌లో అమ్మేవారికి ప్రీ-ఆర్డర్ తప్పనిసరి అవుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును ముడులు కట్టి రంగులద్ది, ఆ తరువాతే మగ్గానికి ఎక్కించాలి కాబట్టి, అడిగిన రంగులో అడిగిన డిజైన్ చేతికి రావడానికి వారాలు పడుతుంది. అంతకాలం పూర్తి డబ్బు ముందే ఇమ్మంటే కొనేవారు వెనుకాడతారు, ఏమీ తీసుకోకుండా నేయిస్తే చీర మిగిలిపోయే ప్రమాదం అమ్మేవారి మీద పడుతుంది. అందువల్ల కొంత అడ్వాన్స్ తీసుకుని, చీర సిద్ధమయ్యాక మిగతా సొమ్ము వసూలు చేసుకుని పంపడం ఆనవాయితీ అయింది. చిక్కంతా ఆ రెండు చెల్లింపుల మధ్య కాలంలో ఆ ఆర్డరును లెక్కల్లో ఎలా చూపాలన్న దగ్గరే వస్తుంది. ఈ పనికి వూకామర్స్‌లో అందుబాటులో ఉన్న పద్ధతులను పోల్చి, ఏ దుకాణానికి ఏది సరిపోతుందో ఇక్కడ వివరిస్తాను.

పోలిక తేలిగ్గా ఉండటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఆగస్టులో ఒక దుకాణానికి 20 చీరల ప్రీ-ఆర్డర్లు వచ్చాయి. ఒక్కో చీర ధర ₹15,000, అందులో 30 శాతం, అంటే ₹4,500 అడ్వాన్స్, మిగతా ₹10,500 చీర సిద్ధమయ్యాక. చీరలన్నీ అక్టోబరులో సిద్ధమయ్యాయి. ఆ నెలాఖరుకు 16 మంది మిగతా సొమ్ము కట్టి చీర అందుకున్నారు, ముగ్గురు ఇంకా కట్టలేదు, ఒకరు వద్దనుకుంటే అడ్వాన్స్ తిరిగి ఇచ్చేశారు.

ఈ 20 ఆర్డర్లలో మూడు వేర్వేరు అంకెలు దాగి ఉన్నాయి. ఆగస్టులో వచ్చిన ఆర్డర్ల విలువ ₹3,00,000. ఆ నెలలో చేతికి వచ్చిన డబ్బు ₹90,000. ఆ నెల రాబడి మాత్రం సున్నా, ఎందుకంటే ఒక్క చీర కూడా కొనేవారికి అందలేదు. అడ్వాన్స్‌గా వచ్చిన ₹90,000 అప్పటికి మనం వారికి బాకీ ఉన్న సొమ్మే తప్ప మన సంపాదన కాదు. చీర ఇచ్చే వరకు దానిని లెక్కల్లో అప్పుల వైపునే ఉంచాలి. రిపోర్టు చూసేటప్పుడు ఈ మూడింటిలో ఏ అంకె కనిపిస్తోందో తెలియకపోతే, ఆగస్టులో వ్యాపారం బ్రహ్మాండంగా ఉందని నమ్మి నూలుకు పెద్ద మొత్తంలో డబ్బు కట్టేసే అవకాశం ఉంది. దిగువ చెప్పే పద్ధతుల్లో ఏదీ ఈ మూడు అంకెలను ఒకే రిపోర్టులో ఇవ్వదు. ఏ పద్ధతి ఏ అంకెను నేరుగా ఇస్తుంది, మిగతా రెండింటిని రాబట్టడానికి ఎంత శ్రమ పడాలి అన్నదే ఎంపికకు అసలు కొలమానం.

మొదటి పద్ధతి: ఒకే ఆర్డరు, అందులోనే మిగతా బాకీ

అడ్వాన్స్ తీసుకునే ప్లగిన్ ద్వారా చేసే ఈ పద్ధతిలో ఒక చీరకు ఒకే ఆర్డరు ఉంటుంది. దాని మొత్తం ₹15,000 అని ఉండి, కట్టినది ₹4,500, మిగిలినది ₹10,500 అని ఆర్డరు లోపలే నమోదవుతుంది. స్థితి Partially Paid వంటి పేరుతో కనిపిస్తుంది. పని చేసే మనిషికి ఇది అన్నిటికంటే సుఖమైన ఏర్పాటు. నేతగాడికి చెప్పడానికైనా, ప్యాకింగ్‌కైనా, కొనుగోలుదారు ఫోన్ చేసి అడిగినా ఒకే నంబరు చాలు.

రిపోర్టు విషయంలో జాగ్రత్త అవసరం. వూకామర్స్ Analytics ఆర్డరు మొత్తాన్ని లెక్కిస్తుందే తప్ప అందులో ఎంత చేతికి వచ్చిందో చూడదు. ఒక ఆర్డరును లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది దాని స్థితిని బట్టి మాత్రమే నిర్ణయమవుతుంది. Analytics → Settings లోని Excluded statuses జాబితాలో మామూలుగా Pending payment, Failed, Cancelled ఉంటాయి. ప్లగిన్ కొత్తగా తెచ్చిన Partially Paid స్థితి ఆ జాబితాలో లేకపోతే, ఆగస్టు అమ్మకాలు ₹3,00,000 అని కనిపిస్తాయి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ కోసం ఎదురుచూసే On hold ఆర్డర్లు కూడా పైసా రాకముందే అమ్మకాల్లో చేరడం ఇదే కారణంగా జరుగుతుంది.

ఆ స్థితిని మినహాయింపు జాబితాలో చేరిస్తే సరిపోతుందా అంటే, అప్పుడు ఆగస్టులో ఆర్డర్లే లేనట్టు కనిపిస్తుంది, వచ్చిన ₹90,000 ఎక్కడా ఉండదు. పైగా అదే పేజీలో Date type అనే మరొక ఎంపిక ఉంది. ఆర్డరు పెట్టిన తేదీ, డబ్బు కట్టిన తేదీ, పూర్తయిన తేదీ అనే మూడింటిలో దేని ప్రకారం నెలలు విడదీయాలో అది నిర్ణయిస్తుంది. డబ్బు కట్టిన తేదీని ఎంచుకుంటే, రెండు సార్లు కట్టిన ఆర్డరుకు ఏ తేదీ పడుతుందన్నది ప్లగిన్ మీద ఆధారపడి ఉంటుంది. కొన్ని అడ్వాన్స్ రోజునే ఆ తేదీని రాస్తాయి, కొన్ని చివరి సొమ్ము పడేవరకు ఖాళీగా వదిలేస్తాయి. ఖాళీగా ఉన్నంతకాలం ఆ ఆర్డరు రిపోర్టులో కనబడదు. కాబట్టి అసలు అమ్మకాలు మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష ఆర్డరు పెట్టి, అడ్వాన్స్ కట్టి, రిపోర్టులో అది ఏ రోజున ఎంత మొత్తంతో వచ్చిందో చూసుకోవడం మంచిది. మిగతా సొమ్ము కూడా కట్టి మళ్ళీ చూడండి. ఈ పరీక్ష చేయకుండా ప్లగిన్ వివరణ చదివి నిర్ణయించుకోవడాన్ని నేను సమర్థించను.

ఒకే ఆర్డరు పద్ధతిలో రాబడిని సరిగ్గా చూడాలంటే పూర్తయిన తేదీని ఎంచుకుని, చీర కొనేవారికి చేరిన రోజునే ఆర్డరును Completed చేయాలి. అప్పుడు అక్టోబరుకు 16 ఆర్డర్లు, ₹2,40,000 అని వస్తుంది. ఉదాహరణ ప్రకారం నిజమైన రాబడి సరిగ్గా అంతే.

రెండవ పద్ధతి: అడ్వాన్స్‌కు ఒక ఆర్డరు, మిగతా సొమ్ముకు మరొకటి

వూకామర్స్ డిపాజిట్స్ అనే అధికారిక ఎక్స్‌టెన్షన్ ఈ మార్గంలో నడుస్తుంది. కొనేవారు అడ్వాన్స్ కట్టాక, చీర సిద్ధమైనప్పుడు దుకాణదారు ఆర్డరు పేజీ నుంచి మిగతా సొమ్ముకు ఇన్వాయిస్ పంపుతారు. ఆ సొమ్ముకు వేరే నంబరుతో కొత్త ఆర్డరు తయారై, డబ్బు కట్టేవరకు Pending payment స్థితిలో ఉంటుంది.

దీని బలం నగదు లెక్కలో ఉంది. ఆగస్టులో ₹90,000, అక్టోబరులో ₹1,68,000 అని రిపోర్టు చూపుతుంది, ఆ నెలల్లో గేట్‌వే ద్వారా వచ్చినది కూడా అంతే. కట్టని ముగ్గురి ₹31,500 మినహాయింపు జాబితాలోని స్థితిలో ఉంటుంది కాబట్టి అమ్మకాలను ఉబ్బించదు. చేతికి రాని డబ్బును చూసి మోసపోయే ప్రమాదం ఇక్కడ చాలా తక్కువ.

అయితే ఆర్డర్ల లెక్క చెడిపోతుంది. 20 చీరలకు ఆగస్టులో 20, అక్టోబరులో 16, మొత్తం 36 ఆర్డర్లు అవుతాయి. సగటు ఆర్డరు విలువ ఆగస్టులో ₹4,500గా, అక్టోబరులో ₹10,500గా కనిపిస్తుంది, నిజానికి ఏ ఒక్కరూ ఆ ధరలకు చీర కొనలేదు. ప్రకటనల మీద పెట్టిన ఖర్చును సగటు ఆర్డరు విలువతో పోల్చుకునేవారికి ఇది తప్పుదారి. మిగతా సొమ్ము ఆర్డరులోని పద్దుకు ఆ చీర ఉత్పత్తే అనుసంధానమై ఉంటే, అమ్ముడైన చీరల సంఖ్య కూడా రెట్టింపుగా కనబడే అవకాశం ఉంది. పరీక్ష ఆర్డరు పెట్టినప్పుడు Products రిపోర్టులో ఆ చీర ఒకసారి లెక్కకు వచ్చిందా రెండుసార్లా అన్నది, స్టాకు ఒక్కసారే తగ్గిందా అన్నది తప్పకుండా చూడండి. మరికొన్ని ప్లగిన్లు పూర్తి మొత్తంతో ఒక ప్రధాన ఆర్డరును, దాని కింద రెండు ఉప ఆర్డర్లను తయారుచేస్తాయి. అక్కడ ప్రధాన ఆర్డరు, ఉప ఆర్డర్లు రెండూ అమ్మకాల్లో చేరితే ఒకే డబ్బు రెండుసార్లు లెక్కకు వస్తుంది.

మూడవ పద్ధతి: "బుకింగ్ అడ్వాన్స్" అనే విడి ఉత్పత్తి

ప్లగిన్‌కు డబ్బు పెట్టకుండా చాలామంది చేసేది ఇది. ₹4,500 ధరతో ఒక ఉత్పత్తి పెట్టి అమ్ముతారు. చీర సిద్ధమయ్యాక అసలు చీరను ₹15,000కు ఆర్డరు చేయించి, ₹4,500కు కూపన్ ఇస్తారు. చూడటానికి తెలివైన ఉపాయమే కానీ, దీనిని నేను ఎవరికీ సిఫారసు చేయను.

కారణం కూపన్. కూపన్ అంటే తగ్గింపు. ఇన్వాయిస్ మీద చీర ధర ₹15,000, తగ్గింపు ₹4,500, చెల్లించవలసినది ₹10,500 అని పడుతుంది, పన్ను ఆ ₹10,500 మీదే లెక్కకు వస్తుంది. నిజానికి కొనేవారికి ఎటువంటి తగ్గింపు ఇవ్వలేదు, సరుకు విలువ ₹15,000. అంటే జీఎస్టీ ఇన్వాయిస్‌లో పన్ను వేయవలసిన విలువ తక్కువగా పడింది. అమ్మకాల రిపోర్టులో తగ్గింపుల వరుస పెరిగిపోతుంది, అడ్వాన్స్ అనే ఉత్పత్తి బాగా అమ్ముడవుతున్న సరుకుల జాబితా పైకెక్కుతుంది. ఎవరి అడ్వాన్స్ ఏ చీరకు చెందినదో చెప్పే బంధం ఎక్కడా ఉండదు, కూపన్ కోడ్ తప్ప. నెలకు ఒకటి రెండు ప్రీ-ఆర్డర్లున్న దుకాణం కూడా దీనికి బదులు, మిగతా సొమ్ముకు గేట్‌వే నుంచి పేమెంట్ లింకు పంపి, అసలు ఆర్డరులో నోటు రాసుకోవడం మేలు.

సిద్ధమయ్యాక ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా తీసుకునే ఏర్పాటు

వూకామర్స్ ప్రీ-ఆర్డర్స్‌లో సరుకు విడుదలైన రోజున కార్డు నుంచి సొమ్ము దానంతట అదే తీసుకునే ఎంపిక ఉంది. అమెరికాలోని తెలుగువారు అక్కడి గేట్‌వేతో నడిపే దుకాణాలకు ఇది హాయిగా పనిచేస్తుంది. మన దేశంలో కార్డు వివరాలను దుకాణాలు దాచుకోవడాన్ని రిజర్వు బ్యాంకు 2022 అక్టోబరు నుంచి ఆపేసింది, టోకెన్ల ద్వారానే నడవాలి. కొనేవారు ఎదురుగా లేనప్పుడు సొమ్ము తీసుకోవాలంటే ముందుగా వారి అనుమతితో మాండేట్ నమోదు కావాలి, డెబిట్‌కు ముందు వారికి సమాచారం వెళ్ళాలి. ఈ కారణంగా దేశంలోని చిన్న దుకాణాలకు లింకు పంపి కట్టించుకోవడమే ఆచరణలో కుదిరే మార్గం. షాపిఫైలో ఉన్న అడ్వాన్స్ ఏర్పాటు కూడా షాపిఫై పేమెంట్స్ వంటి కార్డు దాచగల గేట్‌వేల మీద ఆధారపడినది, ఆ పేమెంట్స్ సేవ భారత్‌లో లేదు. షాపిఫై రిపోర్టుల గురించి ఒక్క మాట: అక్కడ సేల్స్ రిపోర్టు ఆర్డరు పెట్టిన రోజునే దాని పూర్తి విలువను చూపుతుంది, డబ్బు వచ్చిందా లేదా అన్నది విడిగా పేమెంట్ల రిపోర్టులో చూడాలి.

రద్దయిన ఆర్డరు పాత నెలను ఎలా మారుస్తుంది

పద్ధతుల మధ్య తేడా అన్నిటికంటే స్పష్టంగా తెలిసేది ఆర్డరు రద్దయినప్పుడు. ఉదాహరణలో ఒకరు అక్టోబరులో చీర వద్దన్నారు, ₹4,500 తిరిగి ఇచ్చారు. ఒకే ఆర్డరు పద్ధతిలో ఇప్పుడు మూడు దారులున్నాయి.

ఆర్డరుకు ₹4,500 రీఫండ్ మాత్రం నమోదు చేసి స్థితిని అలాగే వదిలేస్తే, రిపోర్టులో ₹10,500 అమ్మకం మిగిలిపోతుంది, అది ఎన్నటికీ రాని డబ్బు. స్థితిని Refunded అని మారిస్తే వూకామర్స్ మిగిలిన మొత్తానికంతటికీ రీఫండ్ నమోదు చేస్తుంది, అంటే మనం ఇచ్చింది ₹4,500 అయినా రిపోర్టులో ₹15,000 తిరిగి ఇచ్చినట్టు పడుతుంది. పైగా రీఫండ్ దాని సొంత తేదీతో పడుతుంది కాబట్టి ఆర్డరు పెట్టిన తేదీ ప్రకారం చూసేవారికి ఆగస్టు అమ్మకం అలాగే ఉండి అక్టోబరులో తగ్గుతుంది. స్థితిని Cancelled అని మారిస్తే ఆర్డరు అమ్మకాల నుంచి పూర్తిగా తొలగుతుంది, అయితే ఆగస్టు అంకె ₹3,00,000 నుంచి ₹2,85,000కు దిగుతుంది. సెప్టెంబరులో చూసుకున్న ఆగస్టు రిపోర్టు, నవంబరులో చూసే ఆగస్టు రిపోర్టు ఒకటి కావు.

ఈ మూడింటిలో నేను మూడవదానినే ఎంచుకుంటాను. డబ్బును గేట్‌వే డాష్‌బోర్డు నుంచి నేరుగా తిరిగి ఇచ్చి, ఆ రీఫండ్ నంబరును ఆర్డరు నోటులో రాసి, స్థితిని Cancelled చేయాలి. ఏ అంకె తప్పుగా మిగలకుండా ఉండేది అందులోనే. పాత నెల మారిపోతుందన్న ఇబ్బందికి విరుగుడు సులువైనది: ప్రతి నెల 1వ తేదీన గత నెల రిపోర్టును సీఎస్‌వీగా దించి దాచుకోవాలి, తరువాత తేడా వస్తే ఏ ఆర్డరు వల్ల వచ్చిందో పోల్చి చూడవచ్చు. రెండు ఆర్డర్ల పద్ధతిలో ఈ తలనొప్పి తక్కువ. అడ్వాన్స్ ఆర్డరును పూర్తిగా రీఫండ్ చేసి, కట్టని రెండవ ఆర్డరును రద్దు చేస్తే సరిపోతుంది.

అడ్వాన్స్ తిరిగి ఇవ్వము అనే షరతు పెట్టేవారు ఒక నియమం తెలుసుకోవాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, దుకాణమే ఏకపక్షంగా ఆర్డరు రద్దు చేసినప్పుడు అదే తరహా ఖర్చును తానూ భరిస్తేనే కొనుగోలుదారు నుంచి రద్దు రుసుము తీసుకోవచ్చు. నిబంధనల ప్రకారం అడ్వాన్స్ మన దగ్గరే మిగిలినా, దానిని చీర అమ్మకం కింద కాక ఇతర ఆదాయం కింద విడిగా రాయాలి.

రావలసిన బాకీని ఎలా గమనించాలి

ఆగస్టులో ₹2,10,000 బాకీ ఉందని చాలామంది రాసుకుంటారు. అప్పటికి అది రావలసిన బాకీ కాదు, ఎందుకంటే చీర ఇంకా మగ్గం మీద కూడా లేదు. చీర సిద్ధమై, కొనేవారికి లింకు పంపిన రోజు నుంచే గడువు లెక్కించాలి. ఆర్డరు తేదీ నుంచి లెక్కిస్తే అందరూ ఆలస్యం చేసినవారే అవుతారు, నిజంగా ఆలస్యం చేసిన ముగ్గురు ఆ గుంపులో కనబడరు. ఏ ప్లగిన్ వాడినా పక్కన ఒక షీటు పెట్టుకోవాలని నా సలహా. A లో ఆర్డరు నంబరు, B లో మొత్తం, C లో వచ్చినది, D లో తిరిగి ఇచ్చినది, E లో బాకీ, F లో చీర సిద్ధమైన తేదీ, G లో స్థితి, H లో గడిచిన రోజులు ఉంటే చాలు. E2, H2 గడులలో వరుసగా ఈ సూత్రాలు రాయాలి.

```
=IF(G2="Cancelled",0,B2-C2+D2)
=IF(AND(E2>0,F2<>""),TODAY()-F2,"")
```

నెలాఖరున ఒక్క సరిచూపు చేస్తే లెక్క నమ్మదగినదో కాదో తేలిపోతుంది. C మొత్తం నుంచి D మొత్తం తీసివేస్తే మన ఉదాహరణలో ₹2,53,500 వస్తుంది. చీర అందిన 16 ఆర్డర్ల విలువ ₹2,40,000. ఈ రెండింటి తేడా ₹13,500, కట్టని ముగ్గురి అడ్వాన్సులు అంతే కావాలి. తేడా వేరే అంకె అయితే ఎక్కడో ఒక చెల్లింపు నమోదు కాలేదు, లేదా బాకీ తీరకుండానే చీర వెళ్ళిపోయింది. గేట్‌వే సెటిల్‌మెంటుతో పోల్చేటప్పుడు వాళ్ళు కమీషన్ మినహాయించుకునే ఇస్తారు కాబట్టి, బ్యాంకులో పడ్డ అంకెతో కాక గేట్‌వే చూపే స్థూల మొత్తంతో పోల్చాలి.

ట్యాలీ వాడేవారు అడ్వాన్స్ రసీదు వేసేటప్పుడు బిల్లు వివరాల్లో రిఫరెన్స్ రకాన్ని Advance అని ఎంచుకుని, అమ్మకం ఇన్వాయిస్ వేసేటప్పుడు దానిని సర్దుబాటు చేస్తే, ఎవరి అడ్వాన్స్ మిగిలి ఉందో పార్టీ వారీగా దానంతట అదే తెలుస్తుంది. పన్ను గురించి: 2017 నవంబరు 15 నాటి 66/2017 నోటిఫికేషన్ ప్రకారం, కాంపోజిషన్ పథకంలో లేని వ్యాపారులు సరుకు కోసం తీసుకున్న అడ్వాన్స్ మీద జీఎస్టీ అప్పుడే కట్టనక్కరలేదు, ఇన్వాయిస్ వేసినప్పుడు కట్టాలి. సేవలకు ఈ వెసులుబాటు లేదు. చీరతోపాటు బ్లౌజు కుట్టించడానికి విడిగా అడ్వాన్స్ తీసుకునే దుకాణాలు ఆ భాగాన్ని వేరుగా నమోదు చేసుకోవాలి.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ఒక్కో చీరను ఒక్కొక్కరి కోసం నేయించే దుకాణానికి మొదటి పద్ధతే తగినదని నా అభిప్రాయం. నేత నుంచి కొరియర్ వరకు ఒకే నంబరు వెంట నడవడం వల్ల తప్పించుకోగలిగే పొరపాట్లు, రిపోర్టు సర్దుకోవడానికి పడే శ్రమ కంటే విలువైనవి. అటువంటివారు Date type ను పూర్తయిన తేదీకి పెట్టి, నగదు లెక్కను గేట్‌వే నుంచి, బాకీ లెక్కను షీటు నుంచి తీసుకోవాలి. మగ్గాలకు వారం వారం డబ్బు పంపవలసి ఉండి, చేతిలో ఎంత ఉందన్నదే రోజువారీ ప్రశ్నగా ఉన్నవారికి రెండవ పద్ధతి నయం. వారు ఆర్డర్ల సంఖ్యను, సగటు విలువను మాత్రం ఆ రిపోర్టు నుంచి తీసుకోకుండా, అడ్వాన్స్ ఆర్డర్లను మాత్రమే లెక్కపెట్టి చీర పూర్తి ధరతో గుణించుకోవాలి. ఒక పద్ధతి నుంచి మరొకదానికి మారదలచుకుంటే, తెరిచి ఉన్న ప్రీ-ఆర్డర్లన్నీ పాత పద్ధతిలోనే ముగిసేవరకు ఆగి, కొత్త పడుగు ఎక్కించే చీరల నుంచి మొదలుపెట్టండి. సగం కట్టిన ఆర్డర్ల మధ్యలో ప్లగిన్ తీసివేస్తే దాని స్థితి పేరు సైటుకు తెలియకుండా పోయి, ఆ ఆర్డర్లు జాబితాలో కనబడకుండా పోవచ్చు.